రాక్ డ్రమ్స్ రికార్డింగ్, 5వ పాఠం: క్లిక్ పెట్టినా ఊపు పోకుండా

మైకులు అమర్చడం, వాటి మధ్య ఫేజ్ చూసుకోవడం గత పాఠంతో అయిపోయింది. ఇప్పుడు డ్రమ్మర్ చెవిలో క్లిక్ పెట్టాలి, అంటే బీటు బీటుకీ టక్ టక్ మంటూ వేగం చెప్పే చప్పుడు. ఆ మాట వినగానే బ్యాండులో ఎవరో ఒకరు "పాట చచ్చిపోతుంది" అంటారు. అది ఉత్తుత్తి భయమేం కాదు. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1, అసలు డ్రమ్స్ శబ్దాలనే చిప్పుల్లో దాచుకుని మోగించే మెషీన్. మనిషి వేలితో కొట్టిన దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే దాన్ని సరిగ్గా గీత మీదికి జరిపేసే సదుపాయం కూడా అందులో ఉంది. డ్రమ్మర్లు కంగారు పడ్డారంటే పడరూ మరి.

అయితే అంతకు మూడేళ్ల ముందే బీజీస్ "స్టేయిన్ అలైవ్"లో అంతకన్నా మొండి పని చేశారు. రికార్డింగ్ సమయానికి డ్రమ్మర్ లేకపోవడంతో తమ "నైట్ ఫీవర్" టేపులోంచి రెండు బార్లు తీసుకుని, చుట్టుగా అతికించి, పాట పొడుగునా అవే తిప్పారు. ఆ పాటకి ప్రాణం లేదని ఎవరూ అనరు. తిరుగుతున్నది యంత్రమే అయినా, ఆ రెండు బార్లలో ప్రతి దెబ్బా ఒక మనిషి చెయ్యి వేసిన చోటే ఉంది. దీనికి ఎదురు ఉదాహరణ 1969 నాటి "హాంకీ టాంక్ విమెన్". మొదట్లో ఉన్న వేగం చివరికి ఉండదు, బాగా పెరుగుతుంది. ఆ పాట ఊపంతా ఆ పెరగడంలోనే ఉంది.

అంటే ప్రాణం రెండు చోట్ల ఉంటుందన్నమాట: పాట మొత్తం మీద వేగం మారే తీరులో ఒకటి, బీటు లోపల దెబ్బ పడే చోటులో మరొకటి. క్లిక్ మొదటిదాన్ని ముట్టుకుంటుంది, దెబ్బల్ని గీత మీదికి జరిపేసే క్వాంటైజ్ రెండోదాన్ని ముట్టుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి తిట్టడం వల్లే క్లిక్‌కి రావలసిన దానికన్నా ఎక్కువ చెడ్డపేరు వచ్చింది.

ముందు క్లిక్ లేకుండా వాయించండి

క్లిక్ వేగం ఊహించి పెట్టకండి. బ్యాండును ఒకే గదిలో నిలబెట్టి, క్లిక్ లేకుండా పాట మొత్తం మూడు సార్లు వాయించమనండి. ఫోనులో రికార్డు చేసినా చాలు. అందరికీ నచ్చిన టేక్ తీసుకుని ఒక్కో భాగానికి పట్టిన సమయం కొలవండి. లెక్క చాలా తేలిక: భాగంలోని బీట్లను 60తో గుణించి, పట్టిన సెకన్లతో భాగిస్తే బీపీఎం వస్తుంది.

ఒక పాటలో ఇలా వచ్చిందనుకుందాం. మొదటి చరణం 16 బార్లు, అంటే 64 బీట్లు, 32.5 సెకన్లు పట్టింది. వేగం 118. కోరస్ 8 బార్లు, 32 బీట్లు, 15.9 సెకన్లు. వేగం దాదాపు 121. రెండో చరణంలో మళ్లీ కాస్త తగ్గి 119కి వచ్చింది. చివరి కోరస్ 122 దగ్గర నడిచింది. ఎవరూ కావాలని చేసింది కాదు ఇది, కానీ మూడు టేకుల్లోనూ ఇదే వరసలో వచ్చిందంటే అది పొరపాటు కాదు, పాట స్వభావం. ఒక్క టేకులోనే వచ్చి మిగతా రెండింట్లో లేకపోతే మాత్రం దాన్ని వదిలేయండి.

ఇప్పుడు ఈ అంకెలతో, ఏ బారులో క్లిక్ ఎంత వేగంతో నడవాలో చెప్పే టెంపో మ్యాప్ గీయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 118 నుంచి 121కి మార్పును కోరస్ మొదటి బీటు మీద పెట్టేస్తారు. 118లో ఒక బీటు 508 మిల్లీసెకన్లు, 121లో 496. తేడా పన్నెండున్నర మిల్లీసెకన్లే, వినపడదు కదా అనిపిస్తుంది. కానీ మార్పు జరిగిందని డ్రమ్మర్‌కి తెలిసేలోపు ఒక బారు గడిచిపోతుంది. నాలుగు బీట్లకి ఆ తేడా కూడి 50 మిల్లీసెకన్లవుతుంది. రెండో బారు మొదట్లో కిక్, క్లిక్ విడివిడిగా "ట-టక్" అని వినబడతాయి. అతను కంగారుగా అందుకోబోయి ముందుకు దూకుతాడు. కోరస్ మొదటి నాలుగు బార్లు తడబాటుగా ఉన్నాయంటే తొంభై పాళ్లు కారణం ఇదే. తప్పు డ్రమ్మర్‌ది కాదు, మ్యాపుది.

మనుషులు కోరస్‌లోకి అడుగు పెట్టాక వేగం పెంచరు, అంతకు ముందు వచ్చే ఫిల్‌లోనే పెంచేస్తారు. కాబట్టి చరణం చివరి రెండు బార్లలో మార్పు పూర్తి చేయండి: చివరి నుంచి రెండో బారుకి 119, ఫిల్ ఉన్న ఆఖరి బారుకి 120, కోరస్ మొదలయ్యేసరికి 121. కోరస్ నుంచి చరణంలోకి దిగేటప్పుడు మాత్రం మెట్లు అక్కర్లేదు. అక్కడ వాయిద్యాలు తగ్గుతాయి కాబట్టి క్లిక్ స్పష్టంగా వినిపిస్తుంది, డ్రమ్మర్ వెంటనే సర్దుకుంటాడు.

చెవిలో పెట్టే క్లిక్

పొట్టిగా, గట్టిగా ఉండే చెక్క చప్పుడు ఎంచుకోండి. ఎలక్ట్రానిక్ బీప్ పొడుగ్గా ఉంటుంది, దాని మొదలు ఎక్కడో చెవికి అందదు. 80 కన్నా నెమ్మది పాటలకి బీటు మధ్యలో ఇంకో క్లిక్ కలపండి, లేకపోతే రెండు బీట్ల మధ్య ఖాళీలో తేలిపోతారు. 118 పాటకి బీటుకొకటి చాలు. అంతకన్నా ఎక్కువ పెడితే డ్రమ్మర్ హైహ్యాట్ ప్రతి దెబ్బనూ క్లిక్‌కి అతికించే పనిలో పడతాడు, అప్పుడు నిజంగానే యంత్రంలా వాయిస్తాడు.

డ్రమ్మర్ క్లిక్ మీద ఉన్నాడో లేదో అతన్నే అడిగి తెలుసుకోవచ్చు. సరిగ్గా కొట్టినప్పుడు స్నేర్ చప్పుడు కింద క్లిక్ మునిగిపోయి మాయమవుతుంది. "క్లిక్ పోయింది, కాస్త పెంచండి" అన్నాడంటే బాగా వాయిస్తున్నాడని అర్థం. అప్పుడు పెంచకండి! పెంచితే అది హెడ్‌ఫోన్స్‌లోంచి కారి ఓవర్‌హెడ్ మైకుల్లో పడుతుంది. పాట మధ్యలో సింబల్స్ దాన్ని కప్పేస్తాయి గానీ, చివరి సింబల్ ఆరిపోయే నాలుగైదు సెకన్లలో టిక్ టిక్ మంటూ బయటపడుతుంది. దాన్ని తర్వాత తీసేయడం చాలా కష్టం. ఆఖరి దెబ్బ దగ్గరే క్లిక్ ఆగిపోయేలా ముందే పెట్టుకోండి.

మొదటి టేకుకి ముందు ఇంకో చిన్న పరీక్ష ఉంది. హెడ్‌ఫోన్‌ను స్నేర్ మైకుకి ఆనించి నాలుగు బార్లు క్లిక్‌నే రికార్డు చేయండి. రికార్డయిన క్లిక్ సరిగ్గా గ్రిడ్ గీత మీద పడాలి. ప్రతిదీ ఒకే కొలతలో, ఉదాహరణకి 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంటే అది మీ ఇంటర్‌ఫేస్ ఆలస్యం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ 7 సరిచేయండి. ఇది చూసుకోని వాళ్లు తర్వాత తెర మీద దెబ్బలన్నీ వెనకబడి ఉన్నాయని డ్రమ్మర్‌ని అనుమానించి, పాపం అతను సరిగ్గా వాయించినదాన్ని "సరిచేస్తూ" కూర్చుంటారు.

గీత మీదికి కాదు, అతని చోటికి

టేక్ అయ్యాక తెర మీద దెబ్బలు గీతలకి అటూ ఇటూ కనిపిస్తాయి. చెయ్యి ఊరుకోదు, క్వాంటైజ్ 100 శాతం నొక్కాలనిపిస్తుంది. దానికి ముందు మొదటి చరణంలో ఓ ఎనిమిది స్నేర్ దెబ్బలు ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోండి. మన పాటలో ఇలా ఉన్నాయనుకుందాం, గీత తర్వాత మిల్లీసెకన్లలో: 9, 12, 8, 11, 31, 10, 9, 11.

ఇతను స్నేర్‌ని స్థిరంగా పది మిల్లీసెకన్లు వెనక వేస్తున్నాడు. కిక్ గీత మీదే ఉండి స్నేర్ ఆ మాత్రం వెనక్కి వాలడం వల్లే పాట బరువుగా, నింపాదిగా నడుస్తోంది. అందరూ ఫీల్ అనేది దీన్నే. ఇందులో తప్పు దెబ్బ ఒక్కటే, 31 దగ్గరున్న ఐదోది. దాన్ని జరపాల్సింది సున్నాకి కాదు, 10కి. సున్నాకి జరిపితే పక్క దెబ్బల మధ్య అదొక్కటే తొందరపడినట్టు వినిపిస్తుంది. ఎనిమిదింటినీ సున్నాకి జరిపితే తప్పేమీ వినబడదు, కానీ పాట తేలికైపోతుంది. ప్రాణం పోయిందని జనం అనేది ఈ క్షణం గురించే, కాకపోతే తిట్లు మాత్రం క్లిక్ తింటుంది.

జరిపేటప్పుడు డ్రమ్స్ ట్రాకులన్నీ ఒక గుంపుగా కట్టి, అన్నిటినీ ఒకే చోట కోసి, కలిపి జరపండి. స్నేర్ మైకు ఒక్కటే జరిపితే అదే స్నేర్ ఓవర్‌హెడ్స్‌లో పాత చోటే ఉండిపోతుంది. 20 మిల్లీసెకన్లు జరిపితే ఒకే దెబ్బ రెండుగా వినిపిస్తుంది. కోతని దెబ్బకి కాస్త ముందు పెట్టి, చిన్న క్రాస్‌ఫేడ్ ఇచ్చి, ఆ చోట సింబల్ మోత తెగినట్టుందేమో ఓవర్‌హెడ్స్ మాత్రమే పెట్టుకుని వినండి.

శాంపిల్ కలపడానికి ముందు

వచ్చే పాఠంలో స్నేర్ కింద శాంపిల్ కలుపుతాం. దానికి కావలసిన సరుకు ఈ రోజే, మైకులు తీయకముందే రికార్డు చేసుకోవాలి, రేపటికి చర్మం బిగువు మారిపోతుంది. అదే డ్రమ్మర్‌తో, అదే స్నేర్ మీద, మెల్లగా, మామూలుగా, గట్టిగా, ఒక్కో బలంతో ఎనిమిదేసి దెబ్బలు కొట్టించండి. ప్రతి దెబ్బా పూర్తిగా ఆరిపోయేదాకా ఆగాలి. ఎనిమిది ఎందుకంటే, ఒక్క దెబ్బే మళ్లీ మళ్లీ మోగితే వేగమైన ఫిల్స్‌లో అది మరతుపాకీలా వినిపిస్తుంది. అన్ని మైకులూ కలిపే రికార్డు చేయండి, స్నేర్ మైకు ఒక్కటే కాదు. దెబ్బల మధ్య మెత్తగా పడే చిన్న చిన్న గోస్ట్ నోట్స్‌కి శాంపిల్ అసలు పెట్టం కాబట్టి అవి కొట్టించక్కర్లేదు. ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు బలం, వరస సంఖ్య రెండూ ఉండేలా చూసుకోండి, వచ్చేసారి వాటినే పిలుస్తాం:

```
snare_soft_01.wav
snare_mid_01.wav
snare_hard_01.wav
```