షట్‌డౌన్ ఎక్కేముందు బెల్టు, మాస్కు చూసుకోండి: నేను సేఫ్టీకి రాసిన కాగితం

వానలు పడితే సిమెంటుకు గిరాకీ తగ్గుతుంది. అందుకని మా మిర్యాలగూడ వైపు ఫ్యాక్టరీల్లో కిల్న్ ఆపి రిపేర్లు పెట్టుకునేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. మా గ్యాంగుకు పడేది బ్యాగ్ ఫిల్టర్ సంచులు మార్చే పని. ఎత్తు మీద నిలబడి, దుమ్ములో తల పెట్టి చేసే పని అది. పోయినేడు షట్‌డౌన్‌కు వారం ముందు నా బెల్టు చిరిగి ఉంది, మాస్కు గాలి వదులుతోంది. సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు రెండుసార్లు రాశాను. మొదటి కాగితానికి జవాబే రాలేదు, రెండోదానికి మూడు రోజుల్లో సామాను వచ్చింది. రెంటికీ తేడా ఏమిటో చెప్తాను. ఈ ఏడు ఎక్కేవాళ్లకు పనికొస్తుంది.

మొదటిదాంట్లో "బెల్టు, మాస్కు పాతబడినవి, కొత్తవి ఇప్పించగలరు" అని ఒక్క ముక్క రాశాను. పాతబడిందంటే స్టోర్ వాళ్లకు ఏమర్థమవుతుంది? అందరివీ పాతవే. మా మేస్త్రీ అయితే "గింత దానికి కాగితమేందిరా, మోచీ దగ్గర రెండు కుట్లేయించుకో" అన్నాడు. ఆ పని మాత్రం చేయొద్దు. బెల్టు పట్టీకి బలం దాని నేతలోనే ఉంటుంది. మోచీ సూది దిగిన ప్రతిచోటా ఆ పోగులు తెగుతాయి. పైకి బాగైనట్టు కనిపిస్తుంది, లోపల ఇంకా బలం పోతుంది. ముడి వేసినా అంతే.

రెండోసారి రాసేముందు బెల్టును రెస్ట్ షెడ్డులో వెలుతురుకు పరిచి జానెడు జానెడు చూశాను. పట్టీని రెండు చేతులా పట్టుకొని విల్లులా వంచాలి. చదునుగా ఉన్నప్పుడు కనిపించని కోత వంచితే నోరు తెరుస్తుంది. ఎడమ తొడ పట్టీ అంచున నా చిటికెన గోరు పట్టేంత కోత అట్లాగే బయటపడింది. పడితే బరువంతా పడేది ఆ తొడ పట్టీల మీదే. భుజం మీద వెల్డింగ్ రవ్వ పడ్డచోట పోగులు కరిగి ఆవగింజలంత గట్టి గుండ్లు కట్టాయి. వేలితో రాస్తే గరగరమంటే అక్కడ కాలినట్టే. సిమెంటు తడిసి ఎండిన చోట కూడా పట్టీ బిరుసెక్కుతుంది. ఆ క్షారం పాలిస్టర్ పోగును తినేస్తుంది. ఇక లేబుల్ మీద తయారీ తేదీ, నంబరు చెరిగిపోయాయి. అదొక్కటి చాలు, దాన్ని పక్కన పెట్టమని అడగడానికి. ఎప్పటిదో తెలియని బెల్టును ఎవరు మాత్రం ఎట్లా బాగుందంటారు?

మాస్కుకు రెండు పరీక్షలు చేస్తే చాలు. తగిలించుకొని రెండు ఫిల్టర్లనూ అరచేతులతో మూసి మెల్లగా గాలి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కొని పది సెకన్లు అట్లాగే నిలవాలి. తర్వాత ముందరి వాల్వు మూసి మెల్లగా ఊదండి. అంచుల నుంచి గాలి కారకూడదు. నాది మొదటిదాంట్లోనే తప్పింది. విప్పి చూస్తే ఊపిరి బయటికి పోయే చోట ఉండే పల్చటి రబ్బరు బిళ్ల ఎండుటాకులా మడత పడింది. అది మూసుకోకపోతే ఫిల్టర్ ఎంత మంచిదైనా లాభం లేదు, దుమ్ము ఆ సందులో నుంచే లోపలికి వస్తుంది. గడ్డం పెంచినవాళ్లకు కొత్త మాస్కు కూడా ఈ పరీక్ష తప్పుతుంది. ముందు గడ్డం గీయించుకోండి, కాగితం తర్వాత.

నేను రాసిన రెండో కాగితం ఇదీ:

"సేఫ్టీ ఆఫీసర్ గారికి,

విషయం: చిరిగిన ఫుల్ బాడీ హార్నెస్, పాడైన రెస్పిరేటర్ మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

నేను బ్యాగ్ ఫిల్టర్ గ్యాంగులో కాంట్రాక్టు హెల్పర్‌ను. వచ్చే సోమవారం నుంచి పై ప్లాట్‌ఫారం మీద సంచులు మార్చే పనికి నా పేరు ఉంది. నా హార్నెస్ ఎడమ తొడ పట్టీ అంచు తెగింది. కుడి భుజం పట్టీ రెండుచోట్ల కాలింది. లేబుల్ చదవడానికి రావడం లేదు. రెస్పిరేటర్‌లో ఊపిరి వదిలే వాల్వు బిళ్ల మడత పడి, ముఖానికి పట్టు నిలవడం లేదు. రెంటి ఫొటోలు జతచేశాను. మీరు చూడటానికి వీలుగా సామాను పక్కన కట్టి ఉంచాను, వాడటం లేదు.

పని చేసే చోటు నుంచి కింది ప్లాట్‌ఫారం 5 మీటర్లే ఉంది. హుక్కు తగిలించడానికి కాళ్ల దగ్గరి రెయిలింగు తప్ప వేరే చోటు లేదు. తలకు పైన తగిలించే ఏర్పాటు చేయించగలరు.

ఇవి అందేదాకా నాకు కింద చేసే పని ఇచ్చి, హాజరు వేయించవలసిందిగా కోరుతున్నాను."

5 మీటర్ల మాట ఎందుకు రాశానంటే, బెల్టు కొత్తదైనా ఆ చోట నన్ను కాపాడదు. తాడు 2 మీటర్లు. పడ్డప్పుడు దాని షాక్ అబ్జార్బర్ విప్పుకుంటూ ఇంకో 1.75 మీటర్ల దాకా సాగుతుంది. వీపు రింగు నుంచి పాదాల దాకా మనిషి మీటరున్నర. పాదాల కింద ఇంకో మీటరు ఖాళీ వదలాలి. అంతా కలిపితే 6.25 మీటర్లు, అదీ హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి. కాళ్ల దగ్గర తగిలిస్తే నాకున్నది 5 మీటర్లు. అంటే తాడు ఆపేలోపే కింది ఇనుము తగులుతుంది. అదే తలపైన, ప్లాట్‌ఫారానికి 2 మీటర్ల ఎత్తున తగిలిస్తే 7 మీటర్లు దొరుకుతాయి. మీరు ఎక్కే చోట టేపు పెట్టి ఒకసారి కొలవండి.

చివరి వాక్యం కూడా ఊరికే రాయలేదు. "బెల్టు ఇచ్చేదాకా ఎక్కను" అని మాత్రమే రాస్తే పని ఎగ్గొడుతున్నాడని కాంట్రాక్టర్ హాజరు కోస్తాడు. కింద పని ఇవ్వమని అడిగితే ఆ మాట అనడానికి ఉండదు. కాగితం రెండు కాపీలు తీసి, ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ వేయించుకున్నాను. "నువ్వు మా మనిషివి కాదు, మీ కాంట్రాక్టర్‌నే అడుగు" అని అక్కడ గుమస్తా అన్నాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే కార్మికుడంటే కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాడు కూడా అని మెల్లగా చెప్పాను. ముద్ర వేశాడు.

ఒక సంగతి మరువకండి. ఈ మాస్కు ఆపేది దుమ్మునే. హాపర్ లోపలికో డక్టులోకో దిగాల్సి వస్తే, అక్కడ ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు, కార్బన్ మోనాక్సైడ్ నిలిచి ఉండొచ్చు. ఈ ఫిల్టర్ దాన్ని ఆపదు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని మీటరుతో చూసి, పర్మిట్ మీద రాసి, బయట ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి.

మూడో రోజు కొత్త బెల్టు ఇచ్చారు, లేబుల్ మీద ఐఎస్ 3521 ఉంది, తేదీ ఉంది. మాస్కు మాత్రం పెద్ద సైజు వచ్చింది. అరచేతుల పరీక్ష అక్కడే చేసి చూపిస్తే మార్చారు. తలపైన తీగ కట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది, అప్పటిదాకా కింద సంచులు మోశాను. పాత బెల్టును స్టోర్ కిటికీ దగ్గరే కత్తి అడిగి తొడ పట్టీలు రెండూ అడ్డంగా కోసి ఇచ్చాను. "ఎందుకు కోసినవ్?" అని మేస్త్రీ గులిగాడు. కోయకపోతే అది మళ్లీ షెడ్డుకే వస్తుంది, కొత్తగా పనిలో చేరిన పిలగాడి నడుముకే ఎక్కుతుంది.