కుడిచేతికి స్క్రైబ్ ఎలా తెచ్చుకున్నానంటే

నాకు కుడిచెయ్యి పట్టు లేదు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 50 శాతం అని ఉంది, అది చాలనుకున్నాను. 2022లో బ్యాంకు క్లర్కు పరీక్షకు దరఖాస్తు నింపుతూ స్క్రైబ్, అంటే మన బదులు జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలా అన్న గడిలో ‘వద్దు’ పెట్టేశాను, తర్వాత అడగొచ్చులే అని. గడువు దాటాక దాన్ని మార్చే వీల్లేకపోయింది. ఆ ఏడాది అలా పోయింది.

మరుసటి ఏడాది 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు తీసి చదివాను. చూపు లేనివారికి, రెండు చేతులూ దెబ్బతిన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి అడిగితే స్క్రైబ్ ఇస్తారని అప్పట్లో ఉండేది. నాలా ఒక్క చెయ్యే అయితే, రాయలేనని అపెండిక్స్-1 నమూనాలో వేరే ధ్రువపత్రం కావాల్సి వచ్చేది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరు సంతకం పెట్టి ఇచ్చేశారు. ఇంటికొచ్చి నమూనా పక్కన పెట్టి చూస్తే, కింద ఉండాల్సింది సూపరింటెండెంట్, సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ సంతకం. మళ్లీ వెళ్లి, ఎముకల డాక్టరుకు చెయ్యి చూపించి, సూపరింటెండెంట్ సంతకం, ముద్ర వేయించుకున్నాను. అందుకే ఈ పని నోటిఫికేషన్ రాకముందే మొదలుపెట్టండి.

స్క్రైబ్‌ను నేనే తెచ్చుకున్నాను. నాది డిగ్రీ కాబట్టి, అప్పటి నిబంధన ప్రకారం ఒక మెట్టు తక్కువగా ఇంటర్ చదివిన మా పిన్ని కొడుకును తీసుకెళ్లాను. గంటకు 20 నిమిషాలు అదనం కాబట్టి, గంట పరీక్షకు 80 నిమిషాలు దొరికాయి. స్క్రైబ్ ఫారంలో వాడి ఫోటో అంటించి, ఇద్దరం సంతకాలు చేసి పట్టుకెళ్లాం.