ఒక్క ఊరికి రెండు పేర్లు

నా నవల పటంలో ఊళ్ల పేర్లన్నీ ఒకే నోట్లోంచి వచ్చినట్టుండేవి. దారి మా బరంపురంలోనే దొరికింది. ఒడియాలో ఇది బ్రహ్మపుర; మన నోట్లో జంటక్షరం విడిపోయి, ‘హ’ పోయి, చివర సున్నా చేరింది.

అలాగే నదివాళ్ల భాషలో ‘ధ్రేఖ’ అంటే రేవు, ‘మాస్’ అంటే ఊరు అనుకున్నాను. కొండవాళ్లకు పూర్వం జంటక్షరాలు, ధ, ఖ లాంటి ఒత్తులు పలికేవి కావు, మాట అచ్చుతోనే ముగియాలి. కాబట్టి ధ్రేఖమాస్ వాళ్లకు దెరేకమాసు అయింది.

అన్ని పేర్లనూ ఇలా మారిస్తే మళ్లీ అచ్చు పోసినట్టయ్యాయి. అందుకే నిన్నమొన్న కట్టిన రేవు ‘ధ్రేఖన్’ను కొండవాళ్ల నోటా అలాగే ఉంచాను. నదివాళ్ల మాటలు విని విని ఇప్పుడు వాళ్లకు ఆ శబ్దాలు పలుకుతాయి అనుకున్నాను, కాబట్టి పాత పేర్లే అరిగాయి. కొత్తగా తెచ్చుకున్న మాట ఉన్నట్టే ఉండిపోయింది. ఇప్పుడు పేరు చూస్తే ఏ ఊరు పాతదో తెలిసిపోతోంది.