గల్లాలోంచి ఇంటికి తీసుకున్న డబ్బు ఖర్చు కాదు

అన్నా, హన్మకొండ దుకాణం పోయిన నెల లెక్కలో ఒక మార్పు చేశాను. పిల్లల ఫీజుకు, మేడారం ప్రయాణానికి గల్లాలోంచి తీసుకున్న 30,000 రూపాయలను మీరు ఖర్చుల్లో రాశారు. వాటిని అక్కడి నుంచి తీసేశాను.

అమ్మకాలు 4,00,000. అమ్మిన సరుకు కొన్న ధర 3,40,000. అద్దె, జీతాలు, కరెంటు కలిపి 35,000. లాభం 25,000. మీరు రాసినట్టే ఉంచితే 5,000 నష్టం కనబడుతుంది. బాగా నడుస్తున్న దుకాణాన్ని చూసి మీరు అనవసరంగా బెంగపడతారు. దుకాణం సంపాదించింది, ఇల్లు అంతకన్నా 5,000 ఎక్కువ వాడుకుంది. ఆ తేడా మీ పెట్టుబడిలోంచి పోయింది. ఇదే నెలనెలా జరిగితే సరుకు తేవడానికి చేతిలో డబ్బుండదు, నా భయమంతా అదే.

ఆదాయపు పన్ను చట్టం కూడా సొంత ఖర్చును వ్యాపార ఖర్చుగా ఒప్పుకోదు. ఒక్కరే యజమాని కాబట్టి మీరు ‘జీతం’ అని రాసుకున్నా అంతే.

టాలీలో Capital Account కింద Drawings లెడ్జర్ తెరిచాను. ఇంటికి తీసుకున్న ప్రతి రూపాయీ అందులోకే వెళ్లాలి. దుకాణంలోని బియ్యం, నూనె ఇంటికి పంపినా చీటీ రాసి పెట్టండి. వాటిని కొన్న ధరకు కొనుగోళ్లలోంచి తగ్గించి ఇదే లెడ్జర్‌లో చూపిస్తాను. ఆ సరుకుపై తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ ఉంటే అదీ వెనక్కి ఇవ్వాలి.