రిఫరెన్సులు రాయడం నేర్చుకుందాం – 3: డీఓఐ లింకు వెనక ఏం జరుగుతుంది?

పోయిన పాఠంలో మీ థీసిస్ రిఫరెన్సుల్లోని లింకులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడమన్నాను. చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లు కొందరు ఫలితాలు పంపారు. పత్రికల సైటు అడ్రసు నేరుగా రాసుకున్న చోట పాత లింకులు చాలావరకు పోయాయి. డీఓఐ అనే, ఒక్కో పేపరుకిచ్చే గుర్తింపు నంబరుతో చేసిన లింకులు, అంటే https://doi.org/ తో మొదలయ్యేవి, దాదాపు అన్నీ తెరుచుకున్నాయి. గిండీ క్యాంపస్‌లో చదివే ఒక నెల్లూరు అమ్మాయి, "రెండూ లింకులే కదా సార్, ఒకదానికి పట్టిన గతి రెండోదానికి ఎందుకు పట్టలేదు?" అని రాసింది.

ఆమె చదివే ఊరి పేపరుతోనే చూద్దాం. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో ఒక పేపర్ వేశారు. బయోకెమిస్ట్రీ వాళ్లకు తెలిసిన రామచంద్రన్ ప్లాట్ అందులోదే. పక్కన అదే పత్రికలో 2000లో వచ్చిన టీ-కాఫీ పేపర్ పెట్టుకుందాం. ప్రొటీన్ సీక్వెన్సులను వరుసలో సరిపోల్చే ప్రోగ్రామ్ అది. రెండింటి డీఓఐలు ఇవి:

```
10.1016/S0022-2836(63)80023-6
10.1006/jmbi.2000.4042
```

పత్రిక ఒక్కటే. కానీ ముందున్న భాగం ఒకదానికి 10.1016, రెండోదానికి 10.1006. అసలు కథంతా ఈ తేడాలోనే ఉంది.

ఏటవాలు గీతకు ముందున్న 10.1006 లాంటి భాగాన్ని ప్రిఫిక్స్ అంటారు. నంబర్లు నమోదు చేసుకునే ప్రచురణకర్తకు అది కేటాయిస్తారు. గీత తర్వాతిది ప్రచురణకర్త తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకునే భాగం. 2000లో ఈ పత్రిక అకడమిక్ ప్రెస్‌ది, 10.1006 వాళ్ల ప్రిఫిక్స్. వాళ్ల పేపర్లు ఆన్‌లైన్‌లో ఐడియల్ అనే సైటులో, www.idealibrary.com అడ్రసులో ఉండేవి. అకడమిక్ ప్రెస్ మాతృసంస్థ హార్‌కోర్ట్‌ను 2001లో ఎల్సెవియర్ కొనేసింది. పేపర్లన్నీ సైన్స్‌డైరెక్ట్‌కు మారాయి, ఐడియల్ మూతపడింది. ఆ రోజుల్లో ఐడియల్ పేజీ అడ్రసును రిఫరెన్సుగా రాసుకున్నవాళ్ల లింకు అక్కడితో సరి. డీఓఐ రాసుకున్నవాళ్లకు మాత్రం ఇప్పటికీ పేపర్ తెరుచుకుంటుంది.

మరి 1963 పేపరుకు 10.1016 ఎలా వచ్చింది? అప్పటికి డీఓఐలే లేవు. పాత సంచికలను ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు ఎల్సెవియర్ తన ప్రిఫిక్స్‌తో నంబరు ఇచ్చింది. అందులోని 0022-2836 ఆ పత్రిక గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్ఎస్ఎన్, బ్రాకెట్లో 63 అంటే సంవత్సరం. రెండోదానికన్నా ముప్పై ఏడేళ్లు పాతదైన పేపరుకు కొత్త యజమాని ప్రిఫిక్స్, కొత్త పేపరుకు పాత యజమాని ప్రిఫిక్స్! మొబైల్ నంబరు పోర్ట్ చేసుకున్నాక ముందు నాలుగు అంకెలు చూసి ఏ కంపెనీ సిమ్మో చెప్పలేం కదా, ఇదీ అంతే. ప్రిఫిక్స్ చూస్తే ఆ నంబరు మొదట ఎవరిచ్చారో తెలుస్తుంది. పేపర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు.

ఇప్పుడు ఆ నంబరు పేపర్ దగ్గరికి ఎలా చేరుస్తుందో కళ్లతో చూద్దాం. టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

```
curl -sI "https://doi.org/10.1006/jmbi.2000.4042"
```

వచ్చే జవాబులో చాలా లైన్లుంటాయి. మనకు కావలసినవి రెండే:

```
HTTP/2 302
location: https://linkinghub.elsevier.com/retrieve/pii/S0022283600940427
```

doi.org దగ్గర పేపర్ లేదు, దాని కాపీ కూడా లేదు. ఉన్నదల్లా ఒక పట్టిక. ఫలానా నంబరుకు ఫలానా అడ్రసు అని అందులో రాసి ఉంటుంది. మీరు నంబరు ఇస్తే, "అక్కడికి వెళ్లు" అని బ్రౌజర్‌ను పంపేస్తుంది. 302 అంటే తాత్కాలిక మళ్లింపు అని. "ఇకమీదట ఎప్పుడూ అక్కడికే" అని చెప్పదు కాబట్టి బ్రౌజర్ ఆ అడ్రసును శాశ్వతంగా గుర్తుపెట్టుకోదు, మామూలుగా మళ్లీ నొక్కినప్పుడు మళ్లీ doi.org నే అడుగుతుంది. పట్టికలో అడ్రసు మారితే మీకు కొత్తదే అందడానికి అదొక కారణం.

టెర్మినల్ అంటే టెన్షన్ పడేవాళ్లు ఫోన్ బ్రౌజర్‌లోనే ఈ అడ్రసు తెరవొచ్చు:

```
https://doi.org/api/handles/10.1006/jmbi.2000.4042
```

పట్టికలోని ఎంట్రీ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. responseCode దగ్గర 1 ఉంటే నంబరు పట్టికలో ఉన్నట్టు, 100 ఉంటే లేనట్టు. type దగ్గర URL అని ఉన్న చోట అసలు అడ్రసు ఉంటుంది. పక్కనే timestamp ఉంటుంది, ఆ ఎంట్రీని చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పేది అదే. దాని సంగతి కాసేపట్లో.

ఈ పట్టికకు కింద పనిచేసేది హ్యాండిల్ సిస్టమ్, అమెరికాలోని సీఎన్‌ఆర్‌ఐ అనే సంస్థలో తయారైంది. దాని మీద డీఓఐలను నడిపించేది ఇంటర్నేషనల్ డీఓఐ ఫౌండేషన్. పరిశోధన పత్రికల్లో ఎక్కువభాగం 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ అనే సంస్థ ద్వారా నంబర్లు నమోదు చేస్తాయి. పట్టిక దానంతటది మారదు. పత్రిక సైటు మారినప్పుడు ప్రచురణకర్త కొత్త అడ్రసులను క్రాస్‌రెఫ్‌కు పంపాలి. సభ్యులుగా చేరేటప్పుడు ఒప్పుకునే షరతుల్లో అదీ ఒకటి. పత్రిక చేతులు మారితే పాత నంబర్ల బాధ్యత కూడా కొత్త యజమానికి బదిలీ అవుతుంది, 10.1006 విషయంలో జరిగింది అదే. మామూలు లింకు ఆగిపోయినప్పుడు దాన్ని రాసుకున్న వేలమందిలో ప్రతి ఒక్కరూ ఎవరిది వాళ్లు సరిచేసుకోవాలి, డీఓఐకైతే ఒక్క చోట ఒక్కసారి సరిచేస్తే అందరికీ సరిపోతుంది. నన్నడిగితే డీఓఐలో టెక్నాలజీ పాలు తక్కువ, ఒప్పందం పాలు ఎక్కువ.

అంచేత ఒప్పందం పాటించని చోట డీఓఐ కూడా తప్పుతుంది. ఒక చిన్న పత్రిక సంగతి చూశాను, పేరొద్దు. సైటును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. పేపర్ల పేజీ నంబర్లన్నీ మారిపోయాయి. పాత సంచికల కొత్త అడ్రసులు క్రాస్‌రెఫ్‌కు పంపాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఏ డీఓఐ నొక్కినా 404, అంటే ఆ పేజీ లేదనే జవాబు.

ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది తప్పు ఎక్కడుందన్నది. బ్రౌజర్ పైన అడ్రసు చూడండి. ఇంకా doi.org అనే ఉండి, DOI Not Found అని వస్తే నంబరే పట్టికలో లేదు. సాధారణంగా కాపీ చేయడంలో పొరపాటు అయుంటుంది. వాక్యం చివరి చుక్క నంబరుకు అంటుకోవడం, పీడీఎఫ్‌లో నంబరు రెండు లైన్లుగా విరిగి మధ్యలో ఖాళీ రావడం, చివరి బ్రాకెట్ ఊడిపోవడం మామూలే. మరీ కొత్త పేపరైతే, నంబరు అచ్చయినా ఇంకా నమోదు కాకపోయి ఉండొచ్చు, నాలుగు రోజులాగి చూడండి.

అదే, అడ్రసు మారి పత్రిక సైటుకు వెళ్లాక 404 వస్తే doi.org తన పని తాను చేసినట్టే. పట్టికలో అడ్రసు పాతబడింది. api పేజీలో timestamp చూస్తే ఏళ్ల కిందటి తేదీ కనబడుతుంది, సైటు అంతకన్నా ఈమధ్యే మారిందని తెలిస్తే అనుమానం తీరినట్టే. ఆ పేజీ స్క్రీన్‌షాట్‌తో ఎడిటర్‌కు మెయిల్ పెట్టండి. ఈలోగా పేపర్ కావాలంటే, పట్టికలోని పాత అడ్రసును web.archive.org లో పెట్టి వెతకండి. థీసిస్‌లోంచి మాత్రం ఆ డీఓఐ తీసేయకండి. వాళ్లు పట్టిక సరిచేసిన రోజున మీరు వేలు కదపకుండానే మీ రిఫరెన్సు పనిచేస్తుంది. పేజీ తెరుచుకుని డబ్బు కట్టమంటే మాత్రం అది పాడైన లింకు కాదు, మీ లైబ్రరీకి చందా లేదంతే.

"అయితే doi.org కే ఏమైనా అయితే?" అని మీలో ఒకరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2015 జనవరి 20న అలాగే అయింది. doi.org డొమైన్ పేరు రెన్యువల్ సరిగ్గా జరగక కొద్దికాలం ప్రపంచమంతా డీఓఐ లింకులు ఆగిపోయాయి. పట్టికకు ఏమీ కాలేదు, దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది. అందుకే అసలు పేరు 10.1006/jmbi.2000.4042 అన్నంత వరకే అని గుర్తుంచుకోవాలి. ముందున్న https://doi.org/ ఇప్పటి దారి. ఒకప్పుడు http://dx.doi.org/ అని రాసేవాళ్లం, అదీ నేటికీ పనిచేస్తుంది. అంతకుముందు doi: అని పెట్టి నంబరు రాసేవాళ్లు. పాత పేపర్లలో ఏ రూపం కనిపించినా 10. నుంచి చివరిదాకా తీసుకుని ఇప్పటి దారి ముందు తగిలించండి. మీ థీసిస్‌లో మాత్రం https://doi.org/ రూపమొక్కటే వాడండి.

బ్రౌజర్ పైనున్న అడ్రసును మాత్రం ఎత్తి అతికించకండి. క్యాంపస్ లైబ్రరీ ప్రాక్సీ ద్వారా తెరిచిన పేజీ అయితే ఆ అడ్రసులో మీ కాలేజీ పేరు కూడా దూరి ఉంటుంది. బయటివాళ్లు నొక్కితే లాగిన్ పేజీ వస్తుంది. వైవాకు వచ్చే ఎగ్జామినర్ ఆ బయటివాళ్లలో ఒకరు.

ఈ వారం పని. మీ జాబితాలో తెరుచుకోని లింకులు తీసుకుని, ఒక్కో పేపర్ శీర్షికను search.crossref.org లో పెట్టి డీఓఐ పట్టండి. రచయితల పేర్లు, సంవత్సరం, పేజీలు సరిపోయాకే ఎక్కించండి. ఒకే శీర్షికతో కాన్ఫరెన్స్ పేపర్, పత్రిక పేపర్ రెండూ ఉండటం కంప్యూటర్ సైన్స్ వాళ్లకు కొత్త కాదు. తర్వాత రామచంద్రన్ పేపర్ నంబరుతో పైన ఇచ్చిన curl కమాండ్ నడపండి, ముందు కోట్ గుర్తులు లేకుండా, తర్వాత కోట్ గుర్తులతో. లినక్స్ లేదా మ్యాక్‌లో మొదటిసారి ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే షెల్ ఆ బ్రాకెట్లను తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకుంటుంది. రెండోసారి వచ్చే location లైన్‌ను, డీఓఐలోంచి అడ్డగీతలూ బ్రాకెట్లూ తీసేసి, పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పోలిక కనిపించిందని మురిసిపోయి, మిగతా డీఓఐలకూ పేజీ అడ్రసులు మీరే ఊహించి రాసేయొద్దు. టీ-కాఫీ పేపరుకు అదే పని చేసి చూస్తే ఎందుకు వద్దన్నానో తెలుస్తుంది.