లాగ్‌బుక్, డీజిల్ బిల్లుల నుంచి ఒక్కో ట్రిప్‌కు ఎంతయిందో తేల్చడం ఎలా?

నెలాఖరున లాగ్‌బుక్కు, కవరు నిండా డీజిల్ బిల్లులు ముందేసుకుని, ఏ ట్రిప్ తేదీల్లో ఏ బిల్లు పడితే దాన్ని ఆ ట్రిప్‌కే రాసేసి పైకి పంపేస్తుంటారు చాలామంది సూపర్‌వైజర్లు. ఆ కాగితంలో విజయవాడ నుంచి ఏలూరు వెళ్లొచ్చిన బండి హైదరాబాద్ వెళ్లొచ్చిన బండికంటే ఎక్కువ డీజిల్ తాగినట్టు కనబడుతుంది. అదేంటని ఎవరైనా అడిగితే నింద డ్రైవర్ మీద పడుతుంది. తప్పు డ్రైవర్‌ది కాదు, లెక్క కట్టిన తీరుది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు: లాగ్‌బుక్, బిల్లులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, ఎక్సెల్. బండికో ఫైలు పెట్టండి. అన్ని బండ్లూ ఒకే షీట్‌లో వేసి ఫిల్టర్లతో నెట్టుకొచ్చే పద్ధతి నాకు గిట్టదు, మీరూ మానేయండి.

ముందు లాగ్‌బుక్ ఎక్కించండి. ట్రిప్‌కో వరస: A లో తేదీ, B లో ట్రిప్ నంబరు, C లో ఎక్కడి నుంచి ఎక్కడికి, D లో బయల్దేరిన రీడింగ్, E లో ముగిసిన రీడింగ్, F లో కిలోమీటర్లు. రానూపోనూ కలిపి ఒకే ట్రిప్. ఖాళీగా తిరిగొచ్చినా ఆ డీజిల్ ఆ ట్రిప్‌దే కదా. తర్వాత G, H కాలమ్‌లు వేరే పనికి వదిలేసి, వాటి పక్కన ఖాళీ కాలమ్‌లో, మూడో వరస నుంచి ఈ ఫార్ములా వేసి కిందికి లాగండి:

```
=D3-E2
```

ఇది సున్నా రావాలి. సున్నా కంటే ఎక్కువ వస్తే మధ్యలో బండి ఎక్కడికో వెళ్లింది, రాయలేదు. బంకుకో, షెడ్డుకో అయి ఉంటుంది. దానికీ విడిగా ఒక వరస పెట్టండి. మైనస్ వస్తే ఎవరో రీడింగ్ అంకెలు అటూఇటూ రాశారు.

బిల్లులు Bills అనే రెండో షీట్‌లోకి: A లో తేదీ, B లో లీటర్లు, C లో రేటు, D లో మొత్తం, E లో బంకు దగ్గరి రీడింగ్. లీటర్లను రేటుతో గుణిస్తే మొత్తం వస్తోందా అని ప్రతి బిల్లుకూ చూడండి. ఆ మెరిసే కాగితం మీద అచ్చు కొన్ని వారాలకే వెలిసిపోయి 6కీ 8కీ తేడా తెలియదు, ఈ గుణకారమే తప్పును పట్టిస్తుంది. డ్రైవర్ బంకు దగ్గరే బిల్లు మీద పెన్నుతో రీడింగ్ రాసి, ఫుల్ కొట్టించి ఉంటే 'ఫుల్' అని రాసి, ఫొటో తీసి పంపాలి. రీడింగ్ లేని బిల్లుకు నేను డబ్బు ఇవ్వను. కఠినంగా అనిపించినా ఇంకో దారి లేదు, ఎందుకంటే బిల్లు ఏ ట్రిప్ మధ్యలో పడిందో తేదీ చెప్పదు, రీడింగే చెబుతుంది.

ఇప్పుడు అందరూ చెడగొట్టే చోటుకొద్దాం.

బిల్లులో ఉన్నది ఆ రోజు ట్యాంకులో పోసిన డీజిల్. ట్రిప్‌కు కావలసింది ఆ ట్రిప్‌లో కాలిన డీజిల్. ఈ రెండూ ఒక్క చోటే కలుస్తాయి: ఒక ఫుల్ ట్యాంకు నుంచి తర్వాతి ఫుల్ ట్యాంకు దాకా. ఆ మధ్యలో పోసిందంతా ఆ మధ్యలోనే కాలింది. అందుకే లెక్క ట్రిప్‌తో మొదలుపెట్టకూడదు, ఫుల్ నుంచి ఫుల్ దాకా ఉన్న దూరాన్ని ఒక 'విడత' అనుకుని, విడతలకు 1, 2, 3 అని నంబర్లు వేసుకోవాలి.

విజయవాడ బండి ఒకటి తీసుకుందాం, రేట్లు లెక్క కోసం అనుకున్నవే. 84,210 దగ్గర ఫుల్ కొట్టించారు. గుంటూరు వెళ్లొచ్చింది 82 కిలోమీటర్లు, హైదరాబాద్ 570, ఏలూరు 136, చివర్లో షెడ్డుకూ బంకుకూ 12. మొత్తం 800, రీడింగ్ 85,010. మధ్యలో హైదరాబాద్‌లో 95 రేటున 40 లీటర్లు పోయించారు, ఫుల్ కాదు. ఏలూరు నుంచి వచ్చిన రోజు విజయవాడలో 97 రేటున 60 లీటర్లతో ఫుల్ అయింది. అంటే 100 లీటర్లు, 9,620 రూపాయలు. కిలోమీటరుకు 12 రూపాయల 2 పైసల చిల్లర, మైలేజీ 8.

తేదీ చూసి రాసేవాళ్ల లెక్కలో గుంటూరుకు సున్నా, హైదరాబాద్‌కు 3,800, ఏలూరుకు 5,820. విడత లెక్కలో గుంటూరుకు 986, హైదరాబాద్‌కు 6,854, ఏలూరుకు 1,635, షెడ్డు తిరుగుడుకు 144. మొత్తం అదే, పంపకమే మారింది. మొదటి లెక్క నమ్మి హైదరాబాద్ కిరాయి మాట్లాడుకుంటే ఎంత పోతుందో మీరే చూసుకోండి.

ఇక్కడ జాగ్రత్త: విడతను మొదలుపెట్టిన ఫుల్ బిల్లు ఆ విడతది కాదు, అది ముందు విడతది. ముగించిన ఫుల్ బిల్లే దీనిది. పై లెక్కలో 84,210 దగ్గరి బిల్లును కూడా కలిపేస్తే ఖర్చు అమాంతం పెరిగిపోతుంది. చాలామంది జారేది ఇక్కడే. అలాగే ట్రిప్ మధ్యలో, అంటే హైదరాబాద్‌లోనే ఫుల్ కొట్టించి ఉంటే, ఆ రీడింగ్ దగ్గర ట్రిప్‌ను రెండు వరసలుగా విరవండి. ట్రిప్ నంబరు అదే, విడత నంబర్లు వేరు.

విడత నంబరు ట్రిప్ షీట్‌లో G లో, Bills లో F లో వేసి, H లో ఇది పెట్టండి:

```
=F2*SUMIFS(Bills!D:D,Bills!F:F,G2)/SUMIFS(F:F,G:G,G2)
```

ఇక్కడితో అయిపోలేదు, ప్రతి విడతకూ మైలేజీ తీసి చూడాలి. ఎప్పుడూ 8 ఇచ్చే బండి ఒక విడతలో 13 చూపిస్తే సంబరపడకండి, బిల్లు ఒకటి పోయింది. పై లెక్కలో హైదరాబాద్ బిల్లు దొరక్కపోతే వచ్చేది సరిగ్గా అదే, 800ని 60తో భాగిస్తే 13.3. ఒక విడత 9.5, దాని తర్వాతిది 7 వస్తే మధ్యలో కొట్టించిన 'ఫుల్' నిజంగా ఫుల్ కాదు. ఆ రెండు విడతల్నీ కలిపి ఒకటిగా లెక్కించండి, మళ్లీ 8 దగ్గరికి వచ్చేస్తుంది. అలా సర్దుకోకుండా వరసగా తక్కువే వస్తుంటే అప్పుడు వేరే బండి బిల్లు కలిసిందా, డబ్బాలో పోయించారా, ఇంజిన్ పనా అని చూడాలి. దొంగతనం అనే మాట అన్నిటికంటే చివర ఎత్తండి. ఫుల్ అంటే వీలైతే ఎప్పుడూ అదే బంకులో, బండి సమంగా నిలబెట్టి, నాజిల్ తనంతట తాను ఆగేదాకా, అంతే. ఆగాక ఇంకా కుక్కించే అలవాటు మాన్పించండి.

కంపెనీ చెప్పిన మైలేజీతో కిలోమీటర్లను భాగించి ఖర్చు రాసేస్తే ఇంత తంటా ఎందుకు అంటారు కొందరు. అలా వచ్చేది బండి తాగాల్సిన డీజిల్, తాగిన డీజిల్ కాదు. పోయిన బిల్లు కూడా అందులో ఎప్పటికీ బయటపడదు.

నా పద్ధతికీ ఒక లోటుంది. ఒకే విడతలో ఒక ట్రిప్ నిండు లోడుతో, ఇంకోటి సగం లోడుతో వెళ్తే కిలోమీటర్ల లెక్కన పంచడం లోడు ట్రిప్‌కు తక్కువ చూపిస్తుంది. కిరాయి మాట్లాడాల్సిన పెద్ద ట్రిప్‌కు మాత్రం వెళ్లే ముందు ఫుల్, రాగానే ఫుల్ కొట్టించండి.

మిగిలింది తేలికే. టోల్ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ నుంచి తీసి ట్రిప్‌కు చేర్చాలి. పంతంగి, కొర్లపహాడ్ పేర్లు కనబడితే హైదరాబాద్ ట్రిప్ అని తెలిసిపోతుంది. డబ్బు కోసిన తేదీ చూడకండి, బండి ప్లాజా దాటిన సమయం చూడండి, రెండిటికీ ఒక్కోసారి రోజు తేడా ఉంటుంది. బత్తా, లోడింగ్ కూలి వోచర్ల నుంచి. బీఎస్6 బండి అయితే యాడ్‌బ్లూ డబ్బు డీజిల్ బిల్లులో కలపకండి, డీజిల్ ఖర్చు లెక్క పాడవుతుంది. దాన్ని, షెడ్డు తిరుగుడు 144ని నెలాఖరున ట్రిప్‌ల మీద కిలోమీటర్ల లెక్కన పంచేయండి. టైర్లు, రిపేర్లు ఈ షీట్‌లోకి తేకండి, వాటికి వేరే పుస్తకం పెట్టుకోండి.