ముగింపు పేరా మొదలుపెట్టే ముందు

ప్రశ్న: "ఆంధ్ర రాష్ట్ర అవతరణకు పొట్టి శ్రీరాములు దీక్షే ప్రధాన కారణమా?"

- ఉపోద్ఘాతం కనపడకుండా మూసేయండి. చూస్తూ రాస్తే అవే మాటలు మళ్లీ వచ్చేస్తాయి.
- తీర్పును ముందు చిత్తుకాగితం మీద రాయండి. ఉదాహరణకు: "రాష్ట్రం కావాలన్న కోరిక 1913 బాపట్ల సభ నాటికే ఉంది. 1952 డిసెంబరు 15న శ్రీరాములు మరణం, తర్వాతి అల్లర్లు ఢిల్లీని తొందరపెట్టాయి. నాలుగు రోజుల్లో నెహ్రూ ప్రకటన వచ్చింది. అంటే దీక్ష ముహూర్తాన్ని తేల్చింది, డిమాండును పుట్టించలేదు."
- ఎదురు వాదనను తప్పించుకోకండి. దీక్షే సర్వస్వమైతే మద్రాసు నగరం ఎందుకు దక్కలేదు? ఈ ఒక్క వాక్యమే తీర్పుకు హద్దు గీస్తుంది.
- "అనేక కారణాలున్నాయి" అని రాశారా? కొట్టేయండి, అది గోడమీద పిల్లి వాటం.
- కొత్త తేదీ గుర్తొస్తే పై పేరాల్లో చేర్చండి, ఇక్కడ కాదు.